హాస్టల్ గదిలో ఒకే పేరున్న నాలుగు ఇయర్‌బడ్స్

భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా పిన్నిగారబ్బాయి ఉండే హాస్టల్ గదిలో నలుగురు కుర్రాళ్లు. పండగ ఆఫర్లో నలుగురూ ఒకే మోడల్ ఇయర్‌బడ్స్ కొన్నారు. ఒకరివి ఛార్జింగ్ అయిపోతే ఇంకొకరివి పెట్టుకోవడం వల్ల ప్రతి ఫోన్లోనూ అన్ని జతలూ నమోదైపోయాయి. బ్లూటూత్ జాబితా తెరిస్తే ఒకే పేరు వరసగా నాలుగుసార్లు కనిపిస్తుంది. వాటిలో తనవి ఏవో తెలియక నొక్కితే, పాఠం పక్క మంచం మీద పడుకున్నవాడి చెవిలో మోగుతుంది.

మా తమ్ముడు తన ఫోన్లో తన జత పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, పెన్సిల్ బొమ్మ పట్టుకుని పేరు మార్చాడు. తన జాబితా చక్కబడింది. "కానీ అన్నయ్యా, నేను మార్చిన పేరు మావాళ్ల ఫోన్లో కనపడట్లేదేంటి?" అని అడిగాడు. చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి దీన్ని వివరంగా చూద్దాం.

కొత్త పరికరం కోసం వెతకమని మనం నొక్కగానే, "చుట్టుపక్కల ఎవరున్నారు?" అన్నట్టు ఫోన్ ఒక రేడియో సంకేతం పంపుతుంది. పెయిరింగ్‌కి సిద్ధంగా ఉన్న పరికరాలు దానికి బదులిస్తాయి. ఆ బదులులో తప్పకుండా ఉండేది చిరునామా. అది రెండేసి చొప్పున ఆరు జంటలుగా రాసే 12 అంకెలు, అక్షరాల వరస. అది హెడ్‌ఫోనో కీబోర్డో చెప్పే ఒక సంకేతం కూడా వస్తుంది, పేరు పక్కన చిన్న హెడ్‌ఫోన్ బొమ్మ పడేది దానివల్లే. పేరు మాత్రం ఒక్కోసారి ఆ బదులుతోపాటే వస్తుంది, ఒక్కోసారి ఫోన్ మళ్లీ విడిగా అడిగి తెచ్చుకోవాలి. వెతికేటప్పుడు ముందు ఏవో అంకెలు కనిపించి, క్షణం తర్వాత అవి పేరుగా మారడం మీరు చూసే ఉంటారు. ఫోన్ పేరు అడిగి తెచ్చుకుంటోందని దాని అర్థం.

ఆ పేరు ఇయర్‌బడ్స్ లోపలి మెమరీలో కంపెనీ రాసి పెట్టినది. ఒక మోడల్‌కి ఒకటే పేరు రాస్తారు కాబట్టి నాలుగు జతలూ ఒకే పేరు చెబుతాయి. మా తమ్ముడు పెన్సిల్ బొమ్మతో మార్చింది ఆ పేరును కాదు. "ఈ చిరునామా గలదాన్ని నేను ఇలా పిలుస్తాను" అని అతని ఫోన్ తన దగ్గర రాసుకుందంతే. ఇంట్లో బుజ్జి అని పిలిచినంత మాత్రాన రేషన్ కార్డులో పేరు మారదు కదా, ఇదీ అంతే. విండోస్ కంప్యూటర్లో మార్చినా జరిగేది ఇదే.

మీరు మార్చింది ముద్దుపేరా, అసలు పేరా అన్నది ఇట్టే తేల్చుకోవచ్చు. ఆ ఇయర్‌బడ్స్‌తో ఎప్పుడూ జతకట్టని ఫోన్ ఒకటి తీసుకుని, బడ్స్‌ని పెయిరింగ్‌లో పెట్టి వెతకండి. కొత్త పేరు కనిపిస్తే అది ఇయర్‌బడ్స్‌లోనే మారినట్టు. పాత పేరు కనిపిస్తే మీ ఫోన్లో మాత్రమే మారినట్టు.

అసలు పేరు మార్చాలంటే ఆ పరికరం ఒప్పుకోవాలి. చాలా కంపెనీలు తమ సొంత యాప్‌లో ఆ వీలు ఇస్తాయి. ఎయిర్‌పాడ్స్ అయితే ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే మార్చవచ్చు, ఆ పేరే ఇతర ఫోన్లకూ కనిపిస్తుంది. మార్చాక కూడా, అంతకుముందే జతకట్టిన ఫోన్లు కొన్ని తమ దగ్గర దాచుకున్న పాత పేరునే చూపిస్తుంటాయి. ఆ ఫోన్‌లో ఆ పరికరాన్ని తీసేసి మళ్లీ జత చేస్తే సరిపోతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మాత్రం చాలా మోడళ్లలో కంపెనీ పేరే తిరిగొస్తుంది.

వీళ్లు కొన్న మోడల్‌కి యాప్ లేదు. చవక రకాల్లో ఇది మామూలే. అప్పుడు మిగిలిన దారి ముద్దుపేర్లే, కానీ నాలుగు ఫోన్లలోనూ అవే నాలుగు పేర్లు పెట్టాలి. ముందు నాలుగు ఫోన్లలోనూ పాత నమోదులన్నీ తీసేయించాను. నాలుగు జతలనీ కేసుల్లో పెట్టి మూతలు వేయించాను. మూత వేస్తే ఇవి ఆగిపోతాయి, జాబితాలో కనిపించవు. తర్వాత ఒక్క కేసు మూత తీసి, బడ్స్‌ని పెయిరింగ్‌లో పెట్టి, ఒక ఫోన్‌తో జతచేసి, వెంటనే పేరు పెట్టి, కేసు మీద అదే పేరుతో చిన్న స్టిక్కర్ అంటించాలి. అదే జతను మిగతా ఫోన్లతోనూ కలిపాకే మూత వేసి రెండో కేసు తెరవాలి. రెండు కేసులు ఒకేసారి తెరిచారా, పేర్లు తారుమారవుతాయి.

పొరపాటు పడ్డామేమోనన్న అనుమానం వస్తే చిరునామా తేల్చేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గేర్ గుర్తు నొక్కితే ఆ పేజీ అడుగున అది ఉంటుంది. మొదటి ఆరు స్థానాలు కంపెనీకి కేటాయించినవి కాబట్టి ఒకే మోడల్ జతల్లో అవి ఒకేలా ఉండొచ్చు. చూడాల్సింది చివరివి. స్టిక్కర్ మీద పేరు కింద ఆఖరి నాలుగు స్థానాలు కూడా రాయించాను. పొరపాటున ఎవరి ఫోన్లోనైనా నమోదు పోతే ముద్దుపేరూ పోతుంది, చిరునామా మాత్రం అలాగే ఉంటుంది.

ఇక పేరు ఎలా ఉండాలి? తేడా చెప్పే ముక్క ముందే రావాలి. పొడుగు పేరును తెర సగంలో కోసేస్తుంది, అందరిదీ ఒకేలా మొదలైతే మళ్లీ మొదటికే వస్తాం. వీళ్లు మంచాలున్న చోటును బట్టి కిటికీ, తలుపు, ఫ్యాను, గోడ అని పెట్టుకున్నారు.

ముద్దుపేరు తెలుగులో ఎంత పొడుగున్నా పెద్ద ఇబ్బంది లేదు, అది మన ఫోన్లోనే ఉంటుంది. యాప్‌తో పరికరంలోనే రాసే పేరుకు మాత్రం చోటు లెక్క ఉంది. బ్లూటూత్ నియమాల ప్రకారం పేరుకు గరిష్ఠంగా 248 బైట్లు. అయితే తక్కువ కరెంటుతో పనిచేసే బ్లూటూత్ పరికరాలు తమ ఉనికి చాటుకోవడానికి మామూలుగా పంపే ప్యాకెట్లో 31 బైట్లే ఉంటాయి. అందులో తప్పనిసరి వివరాలు పోగా పేరుకు దాదాపు 26 మిగులుతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, దానికి తగిలించే గుడికో కొమ్ముకో మరో మూడు. "గోదావరి" అన్న పేరుకే 21 బైట్లు. దాని పక్కన 214 అని గది నంబరు రాస్తే మధ్య ఖాళీతో కలిపి 25, సరిగ్గా పడుతుంది. ఇంకో మాట చేరిస్తే తోక తెగొచ్చు. పైగా కారు స్టీరియోల్లాంటి చిన్న తెరల్లో తెలుగు అక్షరాలు లేక డబ్బాలు కనిపించవచ్చు. అందుకే పరికరంలో రాసే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా ఉంటేనే మంచిది.

పరికరంలో రాసిన పేరు చుట్టుపక్కల గదులవాళ్లు ఎవరు వెతికినా కనబడుతుంది. కాబట్టి సొంత పేరూ గది నంబరూ కలిపి అందులో పెట్టకూడదు. ఆడపిల్లల హాస్టళ్లలో ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఆఫీసుల్లో ఇబ్బంది స్పీకర్లతో. రొయ్యల ఎగుమతి ఆఫీసులో మీటింగ్ గదికొకటి, కిందంతస్తుకొకటి ఒకే రకం స్పీకర్లు ఉన్నాయనుకుందాం. వాటికి మనుషుల పేర్లు కాక గదుల పేర్లు పెట్టాలి, మనుషులు సీట్లు మారతారు, గదులు మారవు. అయితే పేరు తాళం కాదు. చాలా స్పీకర్లు పిన్ అడగకుండానే జతకడతాయి. ఆన్ చేశాక తెలిసిన ఫోన్ దగ్గర్లో లేకపోతే కొన్ని వాటంతటవే పెయిరింగ్‌లోకి వెళ్తాయి, అప్పుడు పై అంతస్తులో ఎవరు నొక్కినా కలిసిపోతాయి. అలాంటి స్పీకర్‌ను మీటింగ్ అవగానే స్విచ్ ఆపేయాలి, లేదా కేబుల్‌తో వాడుకోవాలి.