పన్నెండో అక్షరం దగ్గర ఆగాలా? ఒక పాత తగాదా వెనక కథ

పద్యానికి వ్యాఖ్య రాసే ముందు దాన్ని పైకి చదవాలన్న విషయంలో తిరుపతిలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎక్కడ ఆగాలన్న దాని మీదే. పద్య పఠన పోటీల కాలం వచ్చిన ప్రతిసారీ ఇది మళ్లీ రాజుకుంటుంది. పాదం చివర, యతి దగ్గర ఆగి చదివిన పిల్లవాడికి మార్కులు వేయాలా, అర్థాన్ని బట్టి ఆగినవాడికి వేయాలా? ఈసారి వాదన పోటీ దాటి వ్యాఖ్యల దాకా పాకింది. తప్పుగా ఆగి చదివినవాళ్లు తప్పుగానే అర్థం రాస్తున్నారని ఒక పక్షం అంటోంది. పాదభంగం చేసి చదివితే అది పద్యమే కాదు, వచనమని రెండో పక్షం.

గణాలు, గురులఘువుల సంగతి ఇక్కడ మళ్లీ చెప్పుకోనక్కరలేదు. తగాదా మూలం యతి అన్న ఒక్క మాటలో ఉంది. సంస్కృతంలో పింగళుడు ‘యతిర్విచ్ఛేదః’ అన్నాడు. యతి అంటే తెగడం, ఆగడం. శార్దూలవిక్రీడితానికి అక్కడ చెప్పే లక్షణం ‘సూర్యాశ్వైర్మసజస్తతాః సగురవః’. సూర్యులు పన్నెండుమంది, సూర్యుడి గుర్రాలు ఏడు. పన్నెండు అక్షరాల తర్వాత ఆగు, మిగతా ఏడూ చదువు అని దాని భావం.

ఆ వృత్తమే తెలుగులోకి వచ్చాక యతి చోటు మారలేదు, పని మారింది. తెలుగువాళ్లు పదమూడో అక్షరాన్ని పాదం మొదటి అక్షరంతో కలపమన్నారు. ఇది వడి, అక్షరమైత్రి. ఆగమని ఎవరూ అనలేదు. పైగా చెవికి ఆ మైత్రి వినిపిస్తే చాలు కాబట్టి, మాట మధ్యలో యతి పడినా తెలుగు కవికి అభ్యంతరం లేకపోయింది. నన్నయ నాటి నుంచీ పద్యం ఇలాగే నడిచింది. పేరు పాతదే ఉండిపోవడంతో సంస్కృతం చదువుకున్నవాళ్లు యతి అనగానే విరామం అనుకుంటూ వచ్చారు. ఇవాళ్టి గొడవకు అసలు మలుపు ఇదే. తర్వాత జరిగినవన్నీ దీనికి తోడయ్యాయి.

అలా తోడైనవి ముఖ్యంగా రెండు. తాటాకు మీద పద్యం ఏకధారగా ఉండేది. మాటకూ మాటకూ ఎడం లేదు, పాదం ఎక్కడ ముగిసిందో కంటికి తెలియదు. చదివేవాడు నోటితోనే విడదీసుకోవాలి. అచ్చు వచ్చాక పాదానికో పంక్తి అయింది. పంక్తి అయిపోగానే కన్ను ఆగుతుంది, కన్నుతోపాటు గొంతూ ఆగుతుంది. రెండోది నాటకం. రంగస్థలం మీద పాదం చివరి అచ్చును సాగదీసి రాగం అందుకుంటే హార్మోనియం ఆ ఖాళీని నింపుతుంది. తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలు ఈ పద్ధతిలోనే ఊరూరా నోటికెక్కాయి. (ఆ జంట ఈ ఊరివాళ్లని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. కాదు, తిరుపతి అన్నది దివాకర్ల తిరుపతిశాస్త్రి పేరు.) స్టేజీ మీద ఆ సాగదీత అందమే. వ్యాఖ్య రాయడానికి కూర్చున్నవాడు అదే బాణీలో చదువుకుంటే ఏమవుతుందో చూడటానికి మన పక్కనున్న శ్రీకాళహస్తి పద్యమే ఒకటి తీసుకుందాం. ధూర్జటి శతకంలోది, శార్దూలం:

అంతా మిథ్య తలంచి చూచిన నరుండట్లౌ టెఱింగిన్ సదా
కాంతల్ పుత్రులు నర్థముల్ తనువు నిక్కంబంచు మోహార్ణవ
భ్రాంతిం జెంది చరించుఁ గాని పరమార్థంబైన నీయందుఁ దాఁ
జింతాకంతయుఁ జింత నిల్పడు గదా శ్రీకాళహస్తీశ్వరా!

మొదటిసారి నెమ్మదిగా, గణాల కోసమే చదవాలి. ఒక్కో గురువుకు రెండు దెబ్బలు, లఘువుకు ఒకటి చొప్పున బల్ల మీద వేలితో కొడితే పాదానికి ముప్ఫై రావాలి. ఇరవై తొమ్మిదో ముప్ఫై ఒకటో వస్తే ఎక్కడో అక్షరం మింగారు, లేదా చేర్చారు. ఈ లెక్కకు దొరకకుండా ఎక్కువగా జారేది ‘ఎఱింగిన్’ దగ్గర. చివరి పొల్లుకు తెలియకుండానే ఒక అచ్చు తగిలించి ‘ఎఱింగిను’ అంటారు, దెబ్బలు ముప్ఫైయే వచ్చినా పందొమ్మిది అక్షరాల పాదం ఇరవై అవుతుంది. ఈ మొదటి చదువుకు పాదం చివర ఆగడం మంచిదే. రెండో పక్షం వాదనలో న్యాయం ఇంతవరకు ఉంది: నడక చెవిన పడకుండా అర్థం వెంట పరిగెత్తితే పద్యం చేజారుతుంది.

రెండోసారి యతి స్థానం మీద గీత పెట్టి చదవండి. మొదటి పాదంలో పన్నెండో అక్షరం దగ్గర ఆగితే ‘నరుం’ దగ్గర ఊపిరి తెగుతుంది, ‘డట్లౌ’ అని మళ్లీ మొదలవుతుంది. నరుండు, అట్లు అన్న మాటలు కలిసిన చోట లోపలున్న అకారానికి, పాదం మొదటి అకారానికి మైత్రి. రెండో పాదంలో ‘ని’ దగ్గర ఆగి ‘క్కంబంచు’ అనాలి. మూడో పాదంలో ‘పరమా’ ఒకవైపు, ‘ర్థంబైన’ ఒకవైపు. మూడు పాదాల్లోనూ యతి మాట నడుమనే పడింది.

నాలుగో పాదంలో మాత్రం ‘గదా’ తర్వాత హాయిగా ఆగవచ్చు. ‘శ్రీకాళహస్తీశ్వరా’ అన్న మకుటం సరిగ్గా ఏడక్షరాలు, యతి స్థానంలో మొదలై పాదం చివరకు చేరుతుంది. ఈ శతకంలో మరో వృత్తమైన మత్తేభానికి యతి పద్నాలుగో అక్షరం, పాదానికి ఇరవై. అక్కడా ఆ ఏడే సరిపోతాయి. యతి దగ్గర ఆగాలనే అలవాటు చాలామందికి శతకాల వల్లే గట్టిపడిందని నాకనిపిస్తుంది. చిన్నప్పుడు గట్టిగా చెవిలో పడేది మకుటమున్న పాదమే. అక్కడ విరామం, యతి ఒక్కచోట కుదిరాయి గనక పై మూడు పాదాలకూ అదే సూత్రం పట్టించేస్తారు.

మూడోసారి చదివేటప్పుడు యతిని, పంక్తిని మరిచిపోయి, మాటలు విడదీసి అర్థం తెగిన చోట పెన్సిలుతో గీతలు పెట్టుకోవాలి. ‘అంతా మిథ్య’ దగ్గర ఒకటి. ‘తలంచి చూచిన’ తర్వాత ఒకటి. ‘కాంతల్, పుత్రులు నర్థముల్, తనువు’ దగ్గర గొంతు జాబితాలా నడవాలి. ఇక్కడ ‘నర్థముల్’ అని వేరే మాట ఉందనుకుని ప్రతిపదార్థంలో రాసేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. ఆ నకారం అర్థానిది కాదు, ‘పుత్రులున్’ చివరి పొల్లు. రెండు మాటలనూ కలిపి గట్టిగా ఒకసారి అంటే ఎటుది ఎటో తేలిపోతుంది.

రెండో పాదం చివర అసలు ఆగకూడదు. ‘మోహార్ణవభ్రాంతిం’ ఒకే సమాసం. ఛందస్సు ఇక్కడ సాయం చేయదు. కలిపి చదివితే వెనకున్న ‘భ్రా’ వల్ల ‘వ’ గురువవుతుంది, ఆగి చదివితే పాదాంతం కాబట్టి గురువనే లెక్కిస్తారు. రెండు రకాలుగానూ ముప్ఫై మాత్రలు వస్తాయి. అందుకే తప్పు తెలియదు. నాటక బాణీలో ‘మోహార్ణవా’ అని సాగదీస్తే మరీ వింత: అది పిలుపైపోతుంది, శివుణ్ణి మోహసముద్రమా అని పిలిచినట్టు.

వ్యాఖ్యలో తేడా తెచ్చేది మొదటి పాదం చివరి ‘సదా’. పంక్తి చివర ఆగితే అది ‘ఎఱింగిన్’తో అతుక్కుంటుంది: ఇది ఇంతేనని మనిషి ఎప్పుడూ ఎరిగినా అని. ‘ఎఱింగిన్’ దగ్గర ఆగి ‘సదా’ను కిందికి జారనిస్తే అది ‘చరించు’తో కలుస్తుంది: తెలిసి కూడా ఎల్లప్పుడూ భ్రాంతిలోనే తిరుగుతాడు అని. మొదటి దానిలో మనిషి నిత్యజ్ఞాని అవుతాడు, ఆ పైన చెప్పిన నిత్యభ్రాంతి పొసగదు. రెండోది కవి ఆవేదనకు సరిగ్గా సరిపోతుంది. పాదం చివర తప్పక ఆగాలనేవాళ్లకు ఈ రెండో అన్వయం చెవిన పడే అవకాశమే లేదు. పెద్దల వ్యాఖ్యలో చూసి రాసుకోవాల్సిందే.

ఇక ఊనిక సంగతి. శార్దూలంలో తొమ్మిది, పది, పదకొండు అక్షరాలు వరసగా లఘువులు. నాలుక అక్కడ పరుగెడుతుంది, పన్నెండో అక్షరం గురువు మీద వచ్చి నిలుస్తుంది. ధూర్జటి ఈ పద్యంలో అర్థం విరిగే చోట్లను ఆ పరుగులోనో దాని అంచునో పెట్టాడు. మొదటి పాదంలో ‘చూచిన’ అయ్యేది పదో అక్షరంతో. రెండో పాదంలో ‘తనువు’ అన్న మాటంతా ఆ మూడు లఘువులే. మూడో పాదంలో ‘కాని’ తొమ్మిదో అక్షరంతో ముగుస్తుంది, పద్యం మొత్తం తిరిగే మలుపు అది. నాలుగో పాదంలో ‘నిల్పడు’ అన్న మాటలో లేదని చెప్పే ‘పడు’ ఆ లఘువుల్లోనే ఉంది, తొందరలో మింగుడుపడిపోతుంది.

కాబట్టి నాలుగోసారి చదివేటప్పుడు ‘చరించుఁ గాని’ తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకోవాలి. పద్యంలో ‘గదా’కు ముందు అంత పెద్ద విరామం అదొక్కటే. ఆ తర్వాత ‘నిల్’ మీద బరువు వేస్తే, వెనకనున్న ‘పడు’ పలచబడినా లేదన్న భావం నిలుస్తుంది. బరువు తీసుకోగలిగే గురువు ఆ మాటలో అదొక్కటే. ‘చింతాకంతయుఁ జింత’ దగ్గర మాత్రం ఏమీ చేయనక్కరలేదు. చింతాకంత అంటే ఎంత సన్నమో చింతచిగురు కోసిన చేతికి తెలుసు. ఆ చింతకూ, తలపు అన్న చింతకూ మధ్య యమకం దానంతటదే మోగుతుంది. దాన్ని ఒత్తి పలికితే చమత్కారం పైకి తేలి మొర కిందపడుతుంది.

పోటీల్లో యతిపక్షం చెప్పేది మరొకటుంది: ఇంత విడదీసి చదివితే న్యాయనిర్ణేతకు ఛందస్సు తెలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? మాత్రలు ముప్ఫై పోకుండా, ‘గాని’ తర్వాత ఆగినవాడు మళ్లీ ‘పరమార్థంబైన’ అన్నప్పుడు అదే కాలంలో అందుకున్నాడా అని చూస్తే చాలు. ఆగిన చోట లయ తప్పితే మాట మొదటి అక్షరం ఆలస్యంగా, అనవసరమైన బరువుతో పడుతుంది. ‘పర’ రెండూ లఘువులు కదా, వాటిలో మొదటిది ‘పా’ అని వినిపిస్తే గణం పోయినట్టే.