మూట్ కోర్టులో మార్కులు ఎక్కడ పడతాయి, ఎక్కడ పోతాయి: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు లా కాలేజీల మూట్‌లలో, అంటే ఉత్తుత్తి కోర్టు వాదన పోటీల్లో, వాదించే తెలుగు పిల్లలు రౌండ్ అయ్యాక స్కోర్ షీటు చూసి అడిగే మాట దాదాపు ఒకటే: "ఇన్ని కేసులు చెప్పాం, మార్కులు ఎందుకు పడలేదు?" షీటు పోటీని బట్టి మారుతుంది. ఇక్కడ 100కి తర్కానికి 30, ఆథారిటీల, అంటే ఆధారంగా చూపే తీర్పుల, వాడకానికి 25, జడ్జీల ప్రశ్నలకు జవాబులకి 25, మర్యాదకీ సమయానికీ కలిపి 20 అనుకుందాం. ప్రాబ్లం కూడా ఒకటే తీసుకుందాం: ఫోన్ పాస్‌కోడ్ చెప్పమని నిందితుణ్ణి పోలీసులు బలవంతపెట్టవచ్చా? కోర్టు సుప్రీంకోర్టు, మనం వినేది నిందితుడి తరఫు వాదన.

అపోహ: ఎన్ని కేసులు చెబితే అన్ని మార్కులు.

వాస్తవం: కేసు పేరుకి మార్కు లేదు, దాన్ని మన ఫ్యాక్ట్స్‌కి అతికించిన తీరుకే ఉంది. సెల్వీ వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక (2010) తీసుకోండి. నార్కో, లై డిటెక్టర్ లాంటి పరీక్షలు బలవంతంగా చేయడం రాజ్యాంగంలో రెండు అధికరణలకు, నిందితుణ్ణి తనమీద తాను సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదనే 20(3)కీ, ప్రాణాన్నీ వ్యక్తి స్వేచ్ఛనీ కాపాడే 21కీ విరుద్ధమని ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. ఆ ముక్క చదివి ముందుకు పోతే 25కి 9. "అక్కడ మనిషి బుర్రలో ఉన్నదాన్ని ఇష్టం లేకుండా బయటికి లాగారు, పాస్‌కోడ్ విషయంలో జరిగేదీ అదే" అంటే 16.

ఇరవై దాటాలంటే మనకు ఎదురుగా ఉన్న తీర్పుని కూడా మనమే బయటపెట్టాలి. వీరేంద్ర ఖన్నా కేసులో (2021) కర్ణాటక హైకోర్టు సింగిల్ జడ్జి, పాస్‌వర్డ్ ఇవ్వడం తనమీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదన్నారు. చాలామంది దీన్ని దాచేస్తారు. భయపడాల్సిన పని లేదు, సుప్రీంకోర్టుకి అది కట్టుబాటు కాదు. అదే ప్రాబ్లం కర్ణాటక హైకోర్టు సింగిల్ జడ్జి ముందు పెడితే మాత్రం "ఆ తీర్పు తప్పు, పక్కన పెట్టండి" అనడం కుదరదు. ఫ్యాక్ట్స్ వేరని చూపించాలి, లేదా పెద్ద బెంచికి పంపమని అడగాలి. ఈ తేడా తెలిసిన పిల్లవాడు కేసుల్ని చదివాడని అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: జడ్జి గుచ్చి గుచ్చి అడిగారంటే ఓడిపోతున్నట్టే. ఏదీ ఒప్పుకోకూడదు.

వాస్తవం: అడగని జడ్జి దగ్గర ఈ 25 మార్కులు సంపాదించడమే కష్టం. ఒక ప్రశ్న చూడండి: "సెల్వీ ముగ్గురి బెంచి. కాథీ కాలూ ఒఘడ్ (1961) పదకొండుమందిది. వేలిముద్రలు తీసుకోవచ్చని అది చెప్పింది. దాన్ని ఎలా దాటతారు?"

"ఆ పాయింటుకి తర్వాత వస్తాను, మై లార్డ్" అని మళ్లీ రాకపోతే 6. "సెల్వీ కూడా ఆ తీర్పునే అనుసరించింది" అని ఆగిపోతే 13, ఎందుకంటే అది నిజమే గానీ పాస్‌కోడ్ దాకా రాలేదు. మంచి జవాబు ఇలా ఉంటుంది: "దాన్ని దాటక్కర్లేదు, మై లార్డ్. గీత గీసింది ఆ బెంచే. వేలిముద్ర ఒంటిమీద ఉన్నది, సాక్ష్యం అంటే తనకు తెలిసిన సంగతి చెప్పడం. పాస్‌కోడ్ తెలిసిన సంగతి."

జడ్జి వదలరు: "మరి వేలితో తెరుచుకునే ఫోనైతే?" ఇక్కడ ఒప్పుకోవడమే తెలివి. "అక్కడ 20(3) మీద నా వాదన నిలవడం కష్టం. 21 అధికరణ, 2017 నాటి పుట్టస్వామి తీర్పు చెప్పిన గోప్యత మీద నిలబడతాను." దీనికి 22 ఇవ్వచ్చు. అదే కంగారులో "పాస్‌కోడూ వేలిముద్ర లాంటిదే" అని ఒప్పేసుకుంటే కేసే పోయింది. జవాబుల మార్కులతో పాటు తర్కంలోనూ కోత పడుతుంది, పునాది తీసేశాక పై అంతస్తు నిలవదు కాబట్టి.

అపోహ: చట్టం ఏ పక్షానికి అనుకూలమో ఆ పక్షానికే ఎక్కువ వస్తాయి.

వాస్తవం: రావు. తూచేది వాదించిన తీరుని.

అపోహ: ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లకే పైచేయి.

వాస్తవం: తర్కం, ఆథారిటీ, జవాబులు, ఈ మూడు గడుల్లో యాసకి చోటు లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకి ఇది అన్యాయం జరిగే చోటు, అందుకే గట్టిగా చెబుతున్నాం. జడ్జి రౌండంతా విని చివర్లో మార్కులు వేస్తే, గుర్తుండేది మాట ధార మాత్రమే. దానికి విరుగుడు ఉంది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ జడ్జి షీటు పక్కన మూడు ముక్కలు రాయాలి: ప్రశ్న ఏమిటి, మొదటి వాక్యంలోనే అవునో కాదో చెప్పారా, జవాబు తర్వాత తమ వాదనలోకి తిరిగి వచ్చారా. తోటి జడ్జీలతో మాట్లాడకముందే ఆ నోట్సు చూసి అంకె వేసేయాలి. జవాబుకి ముందు నాలుగు సెకన్లు ఆగి ఆలోచించిన పిల్ల కాగితం మీద అప్పుడు వెనకబడదు.