అంచున ఉన్న అంకె, లోపలి ఎత్తు: ఆకాశహర్మ్యాల పజిల్‌లో తర్కం

నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు ఉన్న గళ్ల చదరంలో ప్రతి గడిలోనూ ఒక భవనం ఉంటుంది. దాని ఎత్తు 1 నుంచి 4 అంతస్తుల లోపు ఉంటుంది. అడ్డంగా చూసినా, నిలువుగా చూసినా ఏ వరుసలోనూ ఒకే ఎత్తు రెండుసార్లు రాదు. చదరం అంచున రాసిన అంకెను క్లూ అంటారు. అక్కడ నిలబడి ఆ వరుస వెంట చూసేవారికి ఎన్ని భవనాలు కనిపిస్తాయో అది చెబుతుంది. ఎత్తైన భవనం తన వెనక ఉన్న పొట్టివాటిని కప్పేస్తుంది కనుక, వరుస 2, 4, 1, 3 అయితే ఎడమవైపు నుంచి 2, 4 మాత్రమే కనిపిస్తాయి. సైమన్ టాథమ్ రూపొందించిన పజిళ్ల సంకలనంలో ‘టవర్స్’ పేరుతో ఉన్నది ఈ ఆటే.

దీని తర్కమంతా రెండు భవనాల చుట్టూ తిరుగుతుంది. అన్నిటికంటే ఎత్తైనది ఎక్కడున్నా కనిపించి తీరుతుంది, దాని వెనక ఏదీ కనిపించదు. అంటే లెక్క ఎప్పుడూ దాని దగ్గరే ముగుస్తుంది. క్లూ 3 అయితే 4కు ముందు కనీసం రెండు భవనాలు ఉండాలి కాబట్టి మొదటి రెండు గళ్లలో 4 ఉండదు. ఆ వరుస మొదటి గడిలో 3 కూడా ఉండదు, ఎందుకంటే 3ను దాటి కనిపించగలది 4 ఒక్కటే, అప్పుడు లెక్క రెండుకు మించదు. క్లూ 1 అయితే 4 అంచునే ఉంటుంది. క్లూ 4 అయితే వరుస 1, 2, 3, 4 అని అంచు నుంచి మెట్లలా పెరుగుతుంది.

ఎదురెదురు క్లూలను కలిపి చూస్తే ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఎడమ నుంచి 4 ఎన్నో గడిలో ఉందో, ఎడమ క్లూ ఆ సంఖ్యకు మించదు. కుడివైపు కూడా అంతే. రెండువైపుల నుంచి లెక్కించేటప్పుడు 4 ఉన్న గడి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది కనుక రెండు క్లూల మొత్తం 5ను దాటదు. మొత్తం సరిగ్గా 5 అయితే 4 స్థానం వెంటనే తేలిపోతుంది: ఎడమ క్లూ 3, కుడి క్లూ 2 అయితే అది ఎడమ నుంచి మూడో గడి.

అన్నిటికంటే పొట్టి భవనం తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. దాని ముందు ఏ భవనం ఉన్నా అది మరుగున పడుతుంది కనుక 1 కనిపించేది అంచు గడిలో ఉన్నప్పుడు మాత్రమే. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, క్లూ 2 ఉన్న వరుసలో మొదటి గడిలో 1 పడిందని తెలిస్తే రెండో గడిలో 4 తప్ప మరొకటి రాదు. వేరేది వస్తే అదీ కనిపించి, ఆ తర్వాత 4 కూడా కనిపించి, లెక్క మూడవుతుంది.

ఇప్పుడు ఐదే క్లూలతో ఒక చదరం పూరిద్దాం. రెండో నిలువు వరుసకు కింద 4. రెండో అడ్డు వరుసకు ఎడమ 3, కుడి 2. మూడో అడ్డు వరుసకు ఎడమ 1, కుడి 3. మొదటి క్లూ వల్ల రెండో నిలువు వరుస పైనుంచి 4, 3, 2, 1 అవుతుంది. రెండో అడ్డు వరుసలో క్లూల మొత్తం 5, కనుక 4 మూడో గడిలో ఉంటుంది. మూడో అడ్డు వరుసలో 4 ఎడమ అంచున ఉంటుంది. దీంతో నాలుగో అడ్డు వరుసలో 4కు చివరి గడి ఒక్కటే మిగిలింది.

మూడో అడ్డు వరుస ఇప్పుడు 4, 2, ఆపై 1, 3 ఏదో ఒక క్రమంలో. 3 కుడి అంచున ఉంటే అక్కడి నుంచి 3, 4 మాత్రమే కనిపిస్తాయి, కానీ క్లూ 3. కాబట్టి 1 అంచుకు వచ్చి కనిపించాలి: 4, 2, 3, 1. నాలుగో నిలువు వరుసలో 1 వచ్చేసింది కనుక రెండో అడ్డు వరుస 1, 3, 4, 2 అవుతుంది. ఇక మిగిలిన గళ్లకు క్లూలతో పని లేదు. పునరుక్తి కూడదన్న నియమమే వాటిని నింపుతుంది.

2 4 1 3
1 3 4 2
4 2 3 1
3 1 2 4

క్లూలన్నీ ఒకే బలంతో పనిచేయవు. నాలుగు ఎత్తులను 24 విధాలుగా అమర్చవచ్చు. వాటిలో క్లూ 1 ఇచ్చేవి 6, క్లూ 2 ఇచ్చేవి 11, క్లూ 3 ఇచ్చేవి 6, క్లూ 4 ఇచ్చేది ఒక్కటే. అందుకే 2తో మొదలుపెట్టినవారు సాధారణంగా చిక్కుకుపోతారు. దాన్ని చివరికి అట్టిపెట్టుకుని, 1 లేదా 4 ఉన్న వరుసతో గానీ, మొత్తం 5 అయ్యే జంటతో గానీ మొదలుపెట్టడమే మేలు.

అంచుల్లోని 16 క్లూలూ ఇచ్చిన పజిల్‌లో అచ్చుతప్పు ఉందేమో ముందే పరీక్షించవచ్చు. ప్రతి అంచు గళ్లలోనూ 4 ఒక్కసారే వస్తుంది కాబట్టి ఆ వైపు క్లూల్లో 1 సరిగ్గా ఒక్కసారే ఉండాలి. పై చదరానికి ఎడమవైపు క్లూలు 2, 3, 1, 2. పైవైపు 2, 1, 2, 2. ఏ వైపైనా రెండు 1లు కనిపిస్తే, లేదా ఒక్కటీ లేకపోతే, ఆ పజిల్‌కు సమాధానమే లేదు.