పర్లాకిమిడి పెళ్లి వీడియో నుంచి తీసిన బొమ్మ ఎందుకు పక్కకు ఒరిగింది?

పర్లాకిమిడిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. ఫొటోగ్రాఫరుకు సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకే దారి దొరకలేదు. ఎవరో బంధువు ఫోను నిలువుగా పట్టి తీసిన వీడియోలో ఆ క్షణం దొరికింది. ఆల్బం కోసం అందులోంచి ఒక ఫ్రేము తీయిస్తే వధూవరులు అడ్డంగా పడుకున్నారు. పైగా నల్లని జుట్టు బూడిద రంగుకు తిరిగింది, తెల్ల పంచె మసకబారింది. తప్పు ఫోనుదేనని అందరూ తేల్చేశారు. కానీ వీడియో ఫోనులో చక్కగానే ఆడుతోంది.

ఫోనులోని సెన్సరు అడ్డంగా బిగించి ఉంటుంది. ఫోనును నిలువుగా పట్టుకున్నా చిత్రాన్ని సాధారణంగా 1920 × 1080గా, అడ్డంగానే రాస్తుంది. ప్రతి ఫ్రేమునూ తిప్పడం పని పెంచుతుంది కనుక, 'చూపేటప్పుడు తిప్పు' అన్న చిన్న చీటీని ఫైలులో పెడుతుంది. ఈ ఏర్పాటు 1991లో వచ్చిన క్విక్‌టైమ్ ఫైలు నుంచి ఎంపీ4కు వారసత్వంగా అందింది. వీడియో ప్లేయరు చీటీ చదువుతుంది. ఫ్రేములు తీసే కొన్ని ప్రోగ్రాములు చదవవు.

మసక కథ ఇంకా పాతది. 1982లో టీవీ చిత్రాన్ని అంకెల్లోకి మార్చే ప్రమాణం రాసినప్పుడు, 0 నుంచి 255 దాకా అంకెలుండే 8 బిట్ల వెలుగులో నలుపును 0 దగ్గర కాక 16 దగ్గర, తెలుపును 235 దగ్గర నిలిపారు. అనలాగ్ సంకేతం హద్దు దాటి ఎగిరిపడినా తెగిపోకుండా ఇరువైపులా ఖాళీ వదిలారన్నమాట. చాలా ఫోను వీడియోలు నేటికీ ఆ అలవాటులోనే ఉన్నాయి. కంప్యూటరు బొమ్మకేమో 0 నలుపు, 255 తెలుపు. సాగదీయకుండా అలాగే దించితే 16 బూడిదగా, 235 మాసిన తెలుపుగా కనిపిస్తాయి. ప్రతి విలువలోంచి 16 తీసేసి, 255తో గుణించి, 219తో భాగిస్తే 16 సున్నా అవుతుంది, 235 కాస్తా 255 అవుతుంది.

మా ఫైలును ముందు, వీడియో ఫైలు వివరాలు చెప్పే `ffprobe` ప్రోగ్రాముతో చూశాను. `rotation of -90.00 degrees` అనీ, `yuv420p(tv, bt709)` అనీ చెప్పింది. మొదటిది తిప్పమనే చీటీ, రెండోది వెలుగు లెక్క చెప్పే చీటీ. ఇందులో `tv` అంటే ఆ 16–235 లెక్క. పూర్తి లెక్క అయితే `pc` అని ఉంటుంది. చీటీలు రెండూ సరిగానే ఉన్నాయి. స్టూడియో ప్రోగ్రామే వాటిని పట్టించుకోలేదు. ఇంట్లో వీడియోలను మార్చే `ffmpeg` ప్రోగ్రాముతో ఇలా తీశాను:

```
ffmpeg -ss 00:12:05 -i pelli.mp4 -frames:v 1 jeelakarra.png
```

నేటి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చీటీలు చదివి తనే తిప్పుతుంది, తనే సాగదీస్తుంది. బొమ్మ నిలువుగా 1080 × 1920గా వచ్చింది, జుట్టు నల్లబడింది.

చీటీయే తప్పయితే మాత్రం ఇది పనిచేయదు. ఎవరైనా చిత్రాన్ని తిప్పేసి పాత చీటీని అలాగే వదిలితే అది మళ్లీ తిరుగుతుంది. 0–255 లెక్కలో ఉన్న వీడియోను `tv` అనుకుని సాగదీస్తే నీడలు నల్లముద్దలవుతాయి, పట్టుచీర జరీ మెరుపు తెల్లమచ్చవుతుంది. హెచ్‌డీఆర్‌లో తీసిన వీడియో వెలిసిపోయినట్లు వస్తే కారణం వేరు, ఈ గుణకారంతో అది బాగుపడదు.