ముఖం చూసి దేశం నిర్ణయించే అలవాటు: ఒలేథా వెనకున్న వందేళ్లు

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేథా పట్టణంలోని ఒక బార్‌లో, హైదరాబాద్ నుంచి వెళ్లిన 32 ఏళ్ల ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్, ఆయన మిత్రుడు అలోక్ మాదసాని కూర్చుని ఉండగా, ఆడమ్ ప్యూరింటన్ అనే వ్యక్తి వారి దగ్గరకు వచ్చి ఏ వీసా మీద వచ్చారని నిలదీశాడు. అతన్ని బయటికి పంపించారు. కొద్దిసేపటికి తుపాకీతో తిరిగి వచ్చి, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ మరణించారు, అలోక్ గాయపడ్డారు, అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే స్థానికుడికీ తూటా తగిలింది. పారిపోయిన ప్యూరింటన్ మిస్సోరి రాష్ట్రంలో మరో చోట తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు.

ఇరానీయులైనంత మాత్రాన చంపవచ్చన్నట్టుగా, మన చర్చ చాలాకాలం ‘పొరపాటున మనవాళ్లను కాల్చాడు’ అన్న మాట చుట్టూ తిరిగింది. అది నాకు బాధ కలిగించిన విషయం. ప్యూరింటన్ పొరబడింది దేశం పేరులో మాత్రమే. చర్మపు రంగు చూసి ఒక మనిషి ఈ నేలకు చెందుతాడో లేదో తేల్చవచ్చన్న నమ్మకం అతను కొత్తగా కనిపెట్టింది కాదు. ఒకప్పుడు ఆ దేశపు సుప్రీంకోర్టే దాన్ని తీర్పుగా రాసింది.

1790 నాటి అమెరికా చట్టం వలస వచ్చినవారిలో ‘స్వేచ్ఛాయుతులైన శ్వేతజాతీయులకు’ మాత్రమే పౌరసత్వం ఇచ్చింది. 1870లో ఆఫ్రికా సంతతివారిని కూడా చేర్చారు. ఆసియావారి సంగతి తేలలేదు. ఈలోగా పంజాబు నుంచి వెళ్లిన కూలీలు పశ్చిమ తీరంలోని కలప మిల్లుల్లో పనికి కుదిరారు. వారిలో ఎక్కువమంది సిక్కులే అయినా అక్కడివారు అందరినీ ‘హిందువులు’ అనే పిలిచేవారు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్ల కార్మికుల గుంపు వారి బసల మీద పడి, కొట్టి, ఊరి నుంచి తరిమేసింది.

ఆ కాలంలోనే అమెరికా చేరినవాడు భగత్ సింగ్ థింద్. మొదటి ప్రపంచయుద్ధంలో తలపాగాతోనే అమెరికా సైన్యంలో పనిచేసి, గౌరవప్రదంగా బయటికి వచ్చాడు. కింది కోర్టులో ఆయనకు పౌరసత్వం దక్కితే, ప్రభుత్వం దాన్ని సవాలు చేసింది. అంతకు ముందు, 1922 నవంబరులో, పౌరసత్వం కోరిన టకావో ఒజావా అనే జపాన్ దేశస్థుడి కేసులో సుప్రీంకోర్టు చర్మపు రంగు కొలమానం కాదనీ, ‘శ్వేతజాతి’ అంటే కాకేసియన్ జాతి అనీ చెప్పి, ఆయన ఆ జాతివాడు కాడని తిరస్కరించింది. నాటి జాతిశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేసియన్లుగానే లెక్కించేది కనుక థింద్ న్యాయవాదులు ఆ మాటనే పట్టుకున్నారు. ఆయన అగ్రకుల ఆర్యుడని కూడా వాదించారు. అంటే కొలబద్దను ప్రశ్నించకుండా, దాని మీద పై గీతలో చోటు అడిగారు.

మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే, 1923 ఫిబ్రవరి 19న, అదే కోర్టు మాట మార్చింది. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి కంటికి ఎవరు శ్వేతజాతీయులో వారే శ్వేతజాతీయులని తేల్చింది. ఐరోపా నుంచి వచ్చినవారి పిల్లలు అమెరికన్ జనంలో ఇట్టే కలిసిపోతారనీ, హిందువుల పిల్లలు అక్కడే పుట్టినా వారి పూర్వీకుల ఆనవాళ్లు చెరగకుండా కనబడుతూనే ఉంటాయనీ ఆ తీర్పులో ఉంది. ఎన్నాళ్లున్నా పరాయివాడే అన్న నేటి అపోహకు ఇంతకంటే స్పష్టమైన మూలపత్రం నాకు తెలియదు. అప్పటికే పౌరులైన భారతీయుల్లో పలువురి పౌరసత్వం ఈ తీర్పు ఆధారంగా రద్దయింది. అలా అన్నీ కోల్పోయిన శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బాగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. భారతీయులకు పౌరసత్వపు హక్కు 1946లో గాని రాలేదు, అదీ ఏడాదికి 100 మంది వలసదారుల కోటాతో.

1965 చట్టం ఆ కోటాలను తొలగించి, కుటుంబ బంధాలతో పాటు వృత్తి నైపుణ్యానికీ ప్రాధాన్యం ఇచ్చింది. మొదట డాక్టర్లు, ఇంజనీర్లు, 1990 తరువాత హెచ్-1బీ వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వెళ్లారు. మన తెలుగు ఊళ్ల నుంచి వెళ్లిన తరం ఎక్కువగా ఇదే. చట్టం జల్లెడ పట్టి చదువుకున్నవారినే రానిస్తే, చూసేవారు ఆ చదువును ఆ ముఖాలకు పుట్టుకతో వచ్చిన గుణంగా భావించారు. లెక్కల్లో దిట్ట అన్న పొగడ్త, ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నాడన్న నింద ఒకే చూపు నుంచి పుట్టాయి. ఆ పొగడ్తను మనం సంతోషంగా స్వీకరించాం. అది కాపాడుతుందని కూడా నమ్మాం.

2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగు రోజులకే అరిజోనాలోని మీసాలో, పెట్రోలు బంకు యజమాని బల్బీర్ సింగ్ సోధీని తలపాగా, గడ్డం చూసి కాల్చి చంపారు. ఆ తలపాగాను 1907లో ‘హిందువు’గా చదివారు, 2001లో ఉగ్రవాదిగా చదివారు. శ్రీనివాస్‌కు తలపాగా లేదు, గడ్డమూ గుర్తు కాదు. ఒలేథాలో రంగు ఒక్కటే సరిపోయింది.

ప్యూరింటన్ నేరం ఒప్పుకోగా 2018లో జీవిత ఖైదు పడింది. శ్రీనివాస్ భార్య సునయన దుమల అమెరికాలో ఉండే అనుమతి ఆయన వీసాకు ముడిపడినది కావడంతో, భర్తతో పాటు ఆ అనుమతినీ ఆమె కోల్పోయారు; అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆమె, తిరిగి తన ఇంటికి వెళ్లడానికి కొత్త అనుమతి కోసం అభ్యర్థించవలసి వచ్చింది.