సగం వాటా 36 లక్షలు ఎలా అవుతుంది? ఔల్, రద్ద్ లెక్కల వెనుక మదీనా తీర్పు

హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఇంటి పంపకం మీద సాగుతున్న తగవు ఇస్లామీ వారసత్వ న్యాయంలోని ఔల్ అనే పాత మాటను మళ్లీ చర్చలోకి తెచ్చింది. పిల్లలు లేని ఒక స్త్రీ మరణించగా ఆమెకు మిగిలిన వారసులు భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు. ఖురాన్ తనకు సగం ఇచ్చిందని భర్త అంటున్నాడు. అదే గ్రంథం తమకు మూడింట రెండు వంతులు ఇచ్చిందని అక్కచెల్లెళ్లు అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే: నాలుగో అధ్యాయంలోని 12వ వాక్యం ఆ సగాన్ని, 176వ వాక్యం ఆ మూడింట రెండును నిర్ణయించాయి. చిక్కల్లా కూడికలోనే ఉంది. ఆస్తిని ఆరు భాగాలు చేస్తే భర్తకు మూడు, అక్కచెల్లెళ్లకు నాలుగు రావాలి. ఉన్నవి ఆరు, కావలసినవి ఏడు.

ఇలా దగ్గరి బంధువులకు గ్రంథం ముందే ఖరారు చేసిన భాగాలనే నిర్ణీత వాటాలు అంటారు. ఇక ఈ వివాదానికి అసలు మూలమైన ఘట్టానికి వెళ్దాం. 634 నుంచి 644 వరకు మదీనాలో ఖలీఫాగా ఉన్న ఉమర్ ముందుకు సరిగ్గా ఇలాంటి కుటుంబమే వచ్చింది. వారిలో దేవుడు ఎవరిని ముందు నిలిపాడో, ఎవరిని వెనక ఉంచాడో తనకు తెలియడం లేదని, ఒకరికి పూర్తిగా ఇస్తే మరొకరికి అన్యాయం జరుగుతుందని చెప్పి ఆయన ప్రవక్త సహచరులను సలహా అడిగాడు. అప్పుడు ప్రవక్త పినతండ్రి అబ్బాస్ ఒక ఉపమానం చెప్పాడని ప్రసిద్ధ కథనం. ఆ సలహా మరో సహచరుడు జైద్ ఇచ్చాడని, కాదు అలీ ఇచ్చాడని చెప్పేవారూ ఉన్నారు. ఒకడు ఆరు దిర్హములు మిగిల్చి చనిపోయాడు, ఒకరికి మూడు, మరొకరికి నాలుగు బాకీ ఉన్నాడు అనుకోండి. ఆ ఆరింటినీ ఏడు భాగాలు చేసి ఇద్దరికీ సర్దరా అన్నదే ఆ ఉపమానం. ఉమర్ దాన్ని ఒప్పుకున్నాడు. హారం ఆరు నుంచి ఏడుకు పెరిగింది. ఈ పెరుగుదలకే ఔల్ అని పేరు.

ఈ తీర్పులోని బలం ఆ పోలికలోనే ఉంది. వాటాను అప్పుగా చూసినప్పుడు, తన హక్కు ముందుది అని ఏ ఒక్కరూ అనలేరు; కొరత ఎంత ఉన్నా అందరూ తమ తమ నిష్పత్తిలో భరించాలి. లెక్క సులువు కోసం ఇంటి విలువ 84 లక్షల రూపాయలు అనుకుందాం. ఏడు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 12 లక్షలు. భర్తకు మూడు భాగాలుగా 36 లక్షలు, అక్కచెల్లెళ్లకు నాలుగు భాగాలుగా 48 లక్షలు, అంటే చెరి 24 లక్షలు వస్తాయి. భర్త ఆశించిన 42 లక్షల్లో ఆరు తగ్గాయి. అక్కచెల్లెళ్లు ఆశించిన 56 లక్షల్లో ఎనిమిది తగ్గాయి. ఇద్దరికీ తగ్గింది ఏడో వంతే. తన సగం ఒక్కటే కోతపడిందని భర్త తరఫువారు చెప్పే మాట ఈ అంకెల ముందు నిలవదు.

ఎదుటి వాదన అల్పమైనదేమీ కాదు. ఉమర్ మరణం తర్వాత అబ్బాస్ కుమారుడు ఇబ్న్ అబ్బాస్ ఈ పద్ధతిని తోసిపుచ్చాడు. ఎడారి ఇసుక రేణువులను లెక్కపెట్టగల దేవుడు ఒకే ఆస్తిలో ఇమడని భాగాలను పెట్టి ఉండడన్నది ఆయన మాట. భర్త, భార్య, తల్లి వంటివారి వాటా తగ్గినా మరో నిర్ణీత వాటాకే తగ్గుతుంది. కూతుళ్లు, అక్కచెల్లెళ్లు మాత్రం సోదరుడు ఉంటే నిర్ణీత వాటా పోగొట్టుకుని మిగులులో భాగస్థులవుతారు. కాబట్టి లోటును వీరే భరించాలని ఆయన తేల్చాడు. ఈ మాట ఉమర్ బతికుండగా ఎందుకు చెప్పలేదని అడిగితే, ఆయనంటే భయభక్తుల వల్ల చెప్పలేకపోయానన్నాడట. మజ్‌హబ్‌లు అనే సున్నీ న్యాయ సంప్రదాయాలు నాలుగూ ఉమర్ తీర్పు వెంట నడిచాయి. షియా జాఫరీ న్యాయం ఔల్‌ను అంగీకరించదు. అక్కడ ఈ భర్తకు 42 లక్షలు పూర్తిగా దక్కి, మిగిలిన 42 లక్షలు అక్కచెల్లెళ్లు పంచుకుంటారు. సున్నీలు, షియాలు పక్కపక్కనే బతికే పాతబస్తీలో ఇది పుస్తకాల చర్చ కాదు. మన కోర్టుల్లో పంపకం జరిగేది మరణించిన వ్యక్తి శాఖ ప్రకారం గనుక, ఇక్కడ చూడవలసింది భర్త ఏ శాఖవాడన్నది కాదు, ఆమె ఏ శాఖకు చెందినదన్నది.

భర్త వైపు నిజంగా బరువున్న మాట ఒకటుంది, అది రద్ద్ దగ్గర బయటపడుతుంది. మనం రోజూ వాడే రద్దు అనే మాట ఈ అరబీ మాటే. అయితే ఇక్కడ దాని అర్థం కొట్టివేత కాదు, తిరిగి ఇవ్వడం. నిర్ణీత వాటాలు పోగా ఆస్తి మిగిలి, దాన్ని తీసుకునే అసబా, అంటే మిగులుకు వారసుడైన బంధువు, లేనప్పుడు ఆ మిగులు వాటాదారులకే తిరిగి వెళుతుంది. అదే స్త్రీకి అక్కచెల్లెళ్లు లేక భర్త, తల్లి మాత్రమే ఉన్నారనుకోండి. భర్తకు సగం 42 లక్షలు, తల్లికి మూడో వంతు 28 లక్షలు పోగా 14 లక్షలు మిగులుతాయి. ఆ నాలుగు సున్నీ మజ్‌హబ్‌లలో ఒకటైన హనఫీ పద్ధతిలో ఆ 14 లక్షలూ తల్లికే చేరతాయి. భర్త 42 దగ్గరే ఆగిపోతాడు. రక్తబంధం మరణంతో తెగదు, వివాహబంధం తెగుతుందన్నది దీనికి చెప్పే కారణం. లోటులో పాలు పంచుకున్న భర్తకు మిగులులో పాలు లేకపోవడం న్యాయమా అన్న ప్రశ్న తొలినాళ్లలోనే వచ్చింది. భార్యాభర్తలకూ రద్ద్ ఇవ్వాలన్న అభిప్రాయం మూడో ఖలీఫా ఉస్మాన్‌దని చెబుతారు. జైద్ మాత్రం రద్ద్‌నే ఒప్పుకోక, మిగులు ప్రజా ఖజానాకు పోవాలన్నాడు. కాలక్రమంలో ఖజానా మీద నమ్మకం సడలాక హనఫీ పండితులు కొంత పట్టు విడిచారు. మరే వారసుడూ లేనప్పుడు మిగులు భార్యకో భర్తకో చెందుతుందన్న ఆ మాటను కలకత్తా హైకోర్టు 1878లో ఒక తీర్పులో ఆమోదించింది. ఒక్క బంధువు ఉన్నా ఆ వెసులుబాటు లేదు.

ప్రస్తుత తగవులో ఔల్ దాకా వెళ్లేముందు తేల్చవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, సొంత అన్నదమ్ముడు ఎవరైనా జీవించి ఉన్నాడా అన్నది. ఒక్కడున్నా ఔల్ అక్కర్లేదు: భర్తకు 42 లక్షలు పోగా మిగిలిన 42లో అతనికి 21, అక్కచెల్లెళ్లకు చెరి పదిన్నర వస్తాయి. ఊరు విడిచి గల్ఫ్‌లో స్థిరపడిన సోదరుణ్ణి లెక్కలో వేయకపోవడం ఇలాంటి దస్తావేజుల్లో జరిగే పొరపాటే. అతని పేరు చేరితే నష్టపోయేది అక్కచెల్లెళ్లు గనుక ఆ ప్రశ్న భర్త వైపునుంచే రావాలి.

రెండోది మెహర్, అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము. వాటాలు వేయడానికి ముందే మరణించిన వ్యక్తికి రావలసినవి, తీర్చవలసినవి తేలాలి. చెల్లించకుండా ఉండిపోయిన మెహర్ భర్త ఆమెకు పడిన బాకీ, అది ఆమె ఆస్తిలో కలుస్తుంది. పెళ్లి ఒప్పంద పత్రమైన నికానామాలో రాసిన 14 లక్షలు అతను ఇవ్వలేదని రుజువైతే పంచవలసిన మొత్తం 98 లక్షలవుతుంది. అందులో ఏడింట మూడు వంతులు 42 లక్షలు, సరిగ్గా భర్త అడుగుతున్న అంకె. కానీ ఆ 42లో 14 అతని దగ్గరే ఉన్నాయి కనుక ఇంటి విలువలోంచి అతనికి దక్కేది 28 లక్షలు, అక్కచెల్లెళ్లకు దక్కేది 56 లక్షలు.