ప్రాసెసర్ కూలర్ బిగింపు: షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరంలో మాది చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు. ఏప్రిల్ దాటిందంటే చాలు, ఇటు బొబ్బిలి, రాజాం నుంచీ అటు చీపురుపల్లి నుంచీ "సిస్టమ్ వేడెక్కి ఆగిపోతోందండీ" అంటూ సీపీయూ డబ్బాలు మోసుకొస్తుంటారు. వాటిలో చాలావాటికి రోగం ఒక్కటే: కూలర్ సరిగ్గా కూర్చోలేదు. తెచ్చినవాళ్ళు చెప్పే కారణాలు మాత్రం వేరేగా ఉంటాయి.

అపోహ: ఎండాకాలం కదా, ఆ మాత్రం వేడి మామూలే.

గది వేడి 28 డిగ్రీల నుంచి 38కి పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా సుమారు పది డిగ్రీలే పెరుగుతుంది. చలికాలంలో 65 దగ్గర నడిచిన ప్రాసెసర్ మే నెలలో 75 చూపిస్తే అది ఎండ వల్లే. గేమ్ తెరిచిన మూడు సెకన్లకే 100 కొడితే దానికి ఎండతో సంబంధం లేదు.

వేడి ఎంతవరకు ఎక్కింది అన్నదానికంటే ఎంత వేగంగా ఎక్కింది అన్నదే నేను ముందు చూస్తాను. విండోస్‌లో వేడి అంకెలు చూపించే HWiNFO64 తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి లోడు పెడతాను. అంకె నాలుగైదు నిమిషాలు మెల్లగా పైకి పాకితే దుమ్ము, ఫ్యాను, గాలి దారి చూసుకోవాలి. లోడు పెట్టీ పెట్టగానే ఎగిరి 100 దగ్గర అతుక్కుంటే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య అంటు లేనట్టే. అప్పుడు కూలర్ రేకుల మీద వేలు పెట్టి చూడండి. తెర మీద వంద కనిపిస్తుంటే చేతికి రేకులు చల్లగా తగులుతాయి. పుట్టిన వేడి పైకి రావడమే లేదు మరి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఏఎండీ రైజెన్ 7000 వరసలో పెద్ద ప్రాసెసర్లు పూర్తి లోడులో 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడే నిలబడేలా తయారైనవి. వాటిలో ఆ అంకె చూసి కూలర్ ఊడదీయకండి.

అపోహ: స్క్రూ ఇక తిరగనంతవరకు బిగించాను, కాబట్టి కూలర్ గట్టిగానే కూర్చుంది.

ఎక్కువ మంది పడిపోయేది ఇక్కడే. మొన్నామధ్య బొబ్బిలి నుంచి ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు ఐ5-12400 సిస్టమ్ తెచ్చాడు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేసే పేస్టు అప్పటికే రెండు రకాలు మార్చి చూశాడట. కూలర్ నాలుగు పైపుల టవర్ రకం, ఆ ప్రాసెసర్‌కి ఎక్కువే కూడా. అయినా లోడు పెట్టగానే 100.

"స్క్రూలు పూర్తిగా బిగించావా బాబూ?"

"ఇంక తిరగవన్నా, ఆగిపోయినంతవరకు బిగించీసినాను."

అతను చెప్పింది నిజమే, స్క్రూలు ఆగిపోయాయి. కానీ టవర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పితే కదిలింది. సరిగ్గా కూర్చున్న టవర్ అలా కదలకూడదు. విప్పి చూస్తే కూలర్ అడుగున పేస్టు వేసింది వేసినట్టే ఉంది. మధ్యలో పెట్టిన బొట్టు కాస్త అణిగిందంతే, అంచుల దాకా పాకనే లేదు.

కారణం స్టాండాఫ్‌లు. బోర్డు వెనకుండే బ్యాక్‌ప్లేట్ నుంచి పైకి వచ్చి, కూలర్‌ని పట్టుకునే బ్రాకెట్‌ని మోసే చిన్న ఇత్తడి స్తంభాలవి. ఇంటెల్ పాత ఎల్‌జీఏ 1200 సాకెట్‌తో పోలిస్తే, ఐ5-12400 కూర్చునే ఎల్‌జీఏ 1700లో ప్రాసెసర్ పై ముఖం బోర్డుకి సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు దగ్గరగా ఉంటుంది. అందుకే చాలా కూలర్లతో పాటు ఈ రెండు సాకెట్లకూ వేరువేరు స్టాండాఫ్‌లు ఇస్తారు. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఈ కుర్రాడు పాత సాకెట్‌వి వాడాడు. దాంతో బ్రాకెట్ కాస్త ఎత్తులో నిలబడిపోయింది. పైనున్న స్ప్రింగ్ స్క్రూ మెడ స్టాండాఫ్‌కి తగిలి ఆగింది. అక్కడ ఆగేలాగే దాన్ని తయారు చేశారు. నొక్కుడంతా స్ప్రింగ్‌ది, మన చేతిది కాదు. స్ప్రింగ్ ఎంత నలగాలో నిర్ణయించేది స్టాండాఫ్ ఎత్తు. ఎత్తు తప్పితే మీరెంత బలం పెట్టినా ప్రాసెసర్ మీద నొక్కుడు పడదు.

అదృష్టం కొద్దీ పెట్టె వెంట తెచ్చాడు. అడుగున విప్పని ఇంకో చిన్న కవరు దొరికింది. రెండు రకాలనీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే తేడా కంటికే తెలిసింది. పొట్టివి వేసి, పాత పేస్టు తుడిచి, కొత్తది వేసి బిగించాక అదే లోడులో అరగంట నడిపాం. 60ల చివర్లో నిలబడిపోయింది. పేస్టు ఏ కంపెనీదైనా ఇంత తేడా తేలేదు.

రంధ్రాల దూరం కూడా మారిందని గుర్తుంచుకోండి. 1200లో రంధ్రం నుంచి రంధ్రానికి 75 మిల్లీమీటర్లు, 1700లో 78. కొన్ని బ్యాక్‌ప్లేట్లకి ప్రతి మూలా రెండు మూడు స్థానాలుంటాయి, సరైన దాంట్లోకి జరిపి పెట్టుకోవాలి. పాత ఇంటెల్ బాక్సు కూలర్‌ని కొత్త బోర్డులో బలవంతంగా దూర్చేవాళ్ళనీ చూశాను. ప్రతి కాలూ రెండు వైపులకీ ఒకటిన్నర మిల్లీమీటరు తప్పి ఉంటుంది. ఒంచి దూర్చినా ఎన్నాళ్ళో ఉండదు.

అపోహ: నాలుగు స్క్రూలూ బిగిస్తే సరి, వరస ఏదైతేనేం.

కారు చక్రం నట్లు బిగించే మెకానిక్‌ని చూసే ఉంటారు. ఒకటి బిగించాక పక్కదానికి పోడు, ఎదురుదానికి పోతాడు. ఇక్కడా అంతే. ముందు నాలుగింటినీ చేత్తోనే రెండు మూడు మరలు పట్టించాలి. తర్వాత ఎడమ పై మూల రెండు చుట్లు, కుడి కింది మూల రెండు చుట్లు, కుడి పై మూల, ఎడమ కింది మూల. ఇలా ఐమూలగా తిరుగుతూ అన్నీ ఆగేదాకా వెళ్ళాలి. రెండే స్క్రూలున్న బ్రాకెట్ అయితే అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు.

ఒక మూల ముందే పూర్తిగా బిగించేస్తే కూలర్ అటు ఒరుగుతుంది, పేస్టు రెండో వైపుకి తోసుకుపోతుంది. తర్వాత మిగతావి బిగించినా తోసుకుపోయిన పేస్టు వెనక్కి రాదు. ఒక్కోసారి చివరి స్క్రూకి మర అందదు. అప్పుడు చాలామంది దాన్ని బలంగా నొక్కి తిప్పుతారు, మర కాస్తా పాడవుతుంది. అందకపోతే మిగతా మూడూ వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టడమే.

చాలా ఇంటెల్ బాక్సు కూలర్లకి స్క్రూలుండవు, నొక్కుడు కాళ్ళుంటాయి. వాటి తలల మీదున్న బాణం గుర్తు విప్పడానికి తిప్పాల్సిన వైపు. దాన్ని బిగించే వైపు అనుకుని తిప్పేవాళ్ళకి లెక్కలేదు. బిగించే ముందు నాలుగింటినీ బాణానికి ఎదురు దిశలో చివరిదాకా తిప్పి ఉంచాలి. ఆపైన ఎదురెదురు మూలలు రెండేసి చొప్పున, టక్కుమనే వరకు నొక్కాలి. అది చాలదు, బోర్డు వెనక్కి తిప్పి చూడాలి. ప్రతి రంధ్రంలోనూ తెల్ల కాళ్ళు విచ్చుకుని, మధ్యలో నల్ల పుల్ల పూర్తిగా దిగి కనిపించాలి. మూడు దిగి ఒకటి దిగకపోవడం తరచూ చూసేదే. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి.

అపోహ: బ్యాక్‌ప్లేట్ బోర్డుకి అతుక్కునే ఉంటుంది, దాని గోల మనకెందుకు.

అది సాకెట్‌ని బట్టి ఉంటుంది. ఏఎండీ ఏఎం4 బోర్డులో పైనున్న ప్లాస్టిక్ బ్రాకెట్ల నాలుగు స్క్రూలే వెనక ప్లేటుని పట్టుకుని ఉంటాయి. అవి విప్పగానే ప్లేటు వెనక నుంచి ఊడి పడుతుంది. కాబట్టి విప్పేటప్పుడు ఒక చెయ్యి వెనక ఉండాలి. సెకండ్‌హ్యాండ్ ఏఎం4 బోర్డు కొనేవాళ్ళు ముందు ఆ ప్లేటు ఉందో లేదో తిప్పి చూసుకోవాలి. లేకుండా అమ్మేసేవాళ్ళున్నారు. చాలా కూలర్లు దాని మరల్లోకే బిగుస్తాయి, అది లేకపోతే కూలర్ చేతిలో పట్టుకుని కూర్చోవడమే.

ఏఎం5లో ప్లేటు సాకెట్‌తో కలిసే ఉంటుంది, దాన్ని తియ్యకూడదు. తన సొంత బ్యాక్‌ప్లేట్ అడిగే పాత ఏఎం4 కూలర్ అందుకే ఏఎం5కి పనికిరాదు. ఉన్న ప్లేటునే వాడుకునే రకమైతే సాధారణంగా సరిపోతుంది.

ఏఎం4లోనే ఇంకోటి. పాత కూలర్ తీసేటప్పుడు నిటారుగా లాగితే, ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది. దానికి 1331 కాళ్ళు, అందులో కొన్ని వంగుతాయి. సిస్టమ్‌ని కాసేపు నడిపి, గోరువెచ్చగా ఉండగా కరెంటు తీసేసి, కూలర్‌ని మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పి పట్టు వదిలాక ఎత్తాలి.

అపోహ: ఒకసారి ఎత్తి అంటు చూసుకుని, అదే పేస్టు మీద మళ్ళీ పెట్టేయొచ్చు.

ఎత్తి చూడటం మంచిదే. కొత్త రకం బ్రాకెట్ చేతికొస్తే నేనూ చూస్తాను. కానీ ఎత్తిన పేస్టు ఇక అయిపోయినట్టే. మళ్ళీ పెడితే లోపల గాలి బుడగలు చిక్కుకుంటాయి. రెండు ముఖాలూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలు రాలని గుడ్డ పెట్టి తుడిచి, కొత్త పేస్టు వెయ్యాలి.

ఎత్తాక పేస్టులో పడిన అచ్చుని ఎలా చదవాలన్నదే ముఖ్యం. మధ్యలో పేస్టు లోహం లీలగా కనిపించేంత పల్చగా ఉండి, మిగిలింది అంచులకి తోసుకుపోయి ఉంటే అంటు బాగున్నట్టు. ఒక వైపు పల్చగా, ఎదురు వైపు మందంగా ఉంటే బిగించే వరస తప్పింది, లేదా ఒక మూల పట్టలేదు. ఎక్కడా పల్చబడకుండా వేసింది వేసినట్టే మందంగా ఉంటే పైన చెప్పిన బొబ్బిలి సిస్టమ్ కథే, బ్రాకెట్ ఎత్తులో ఆగిపోయింది. చెట్టు కొమ్మల్లా పాయలు పాయలుగా గీతలు కనిపిస్తే కంగారు పడొద్దు. కూలర్ ఎత్తేటప్పుడు పేస్టు సాగి విడిపోవడం వల్ల వచ్చేవి అవి, బిగింపులో తప్పు కాదు. ఇక కూలర్ అడుగున పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర ఒకటి తియ్యకుండా వదిలేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దాని మీద "తీసెయ్యండి" అని రాసే ఉంటుంది.

అపోహ: బాగా బిగించి ఇచ్చారంటే ఇక దూరం పంపినా ఏం కాదు.

అరకిలో దాటిన టవర్ కూలర్ ఉన్న సిస్టమ్‌ని నిలువుగా పెట్టి పలాస దాకా బస్సులో పంపితే, ప్రతి గతుకుకీ ఆ బరువంతా బోర్డుకి అడ్డంగా వేలాడి ఊగుతుంది. కూలర్ ఆకాశం వైపు చూసేలా డబ్బాని పక్కకి పడుకోబెట్టి పంపిస్తే బరువు నేరుగా ప్రాసెసర్ మీదే ఉంటుంది. దిగాక కరెంటు పెట్టే ముందు పక్క తలుపు తీసి, టవర్‌ని రెండు వేళ్ళతో మెల్లగా తిప్పి చూడమని ఫోన్‌లో చెబుతాను. కదిలితే ఆన్ చెయ్యొద్దని కూడా.